తడిగుడ్డలో మల్లెలు

మొగ్గ విచ్చుకోకుండా ఆపడం ఎవరి తరమూ కాదు, కాస్త ఆలస్యం చేయించగలం, అంతే. మార్కెట్టు వీధిలో కొత్తగా పూల బుట్ట పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఆ మాట చెప్పింది ఆమే. ఇరవయ్యారేళ్ళుగా అదే మెట్టు మీద కూర్చుని మల్లెలు కడుతోంది. ఆమెకో పేరుండేది గానీ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఏ మాట మొదలుపెట్టినా "ఏమౌతుందో ఏమో" అని ముగిస్తుంది కాబట్టి అందరూ "ఏమౌతుందోనమ్మ" అని పిలవడం మొదలుపెట్టారు. అదే పేరు స్థిరపడిపోయింది.

మబ్బు పడితే వాన వచ్చి దుకాణం కొట్టుకుపోతుందని భయం. మబ్బు పడకపోతే ఎండకు పూలు కమిలిపోతాయని భయం. మొదటి నుంచీ ఇలా ఉండేది కాదట. ఒకనాడు పొద్దున్నే ఆమె భర్త పూల బుట్ట దించుకురావడానికి సైకిలు మీద వెళ్ళాడు. మలుపులో లారీ. తిరిగి వచ్చింది బుట్ట ఒక్కటే. ఆ రోజు ఆయన బయల్దేరుతుంటే ఆమె జాగ్రత్త అని అనలేదు. అప్పట్నుంచి అందరికీ, అన్నిటికీ, వరసబెట్టి జాగ్రత్తలు చెబుతూనే ఉంది.

ఆ జాగ్రత్తలన్నీ ఎక్కువగా మోసింది కూతురు. ఒక్కతే పిల్ల. చదువుకుని, ఎనిమిది గంటల దూరంలో ఉన్న ఊళ్ళో మందుల గోదాములో ఉద్యోగం తెచ్చుకుంది. చల్లగా ఉంచాల్సిన మందులు, టీకాలు ఎంత చల్లదనంలో ఉన్నాయో గంటగంటకూ చూసి రాసుకునే పని. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆ పిల్ల రెండు గంటలపాటు ఫోను ఎత్తలేదు. ఏదో మీటింగులో ఉంది పాపం. ఈలోగా తల్లి గోదాముకు ముప్పైసార్లు ఫోను చేసింది, మేనేజరును ఏడిపించింది, ఆఖరికి అక్కడి పోలీసు స్టేషనుకు కూడా కబురు పెట్టించింది. మీటింగు తలుపు తెరుచుకునేసరికి బయట కానిస్టేబులు నిలబడి ఉన్నాడు.

"నన్ను నలుగుర్లో తలెత్తుకోనివ్వవా అమ్మా?" అంది కూతురు ఆ సాయంత్రం. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఫోనులు లేవు. ఆదివారం ఆదివారం ఒక్క మెసేజీ వచ్చేది: "బాగున్నాను." అంతే. ఆ ఒక్క మాటను ఏమౌతుందోనమ్మ వారమంతా దాచుకుని చదువుకునేది.

అలాంటిది, ఒక బుధవారం పొద్దున ఫోను మోగింది. కూతురే.

"అమ్మా, కంగారుపడకు. మంచి మాటే. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. అబ్బాయి గురించి చెప్పాను కదా, మా గోదాములో వ్యాను నడిపే అతను. నువ్వు సాక్షి సంతకం పెట్టాలి."

చెప్పలేదు. ఎప్పుడు చెప్పింది? కానీ ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"పూలు?" అంది తల్లి.

"ఇక్కడ దొరుకుతాయిలే."

"పూలు కట్టే దాని కూతురివి, కొన్న దండ వేసుకుంటావా తల్లీ? నేను కట్టి తెస్తాను. ఇంకేమీ అడగను."

"సరే. నేనిచ్చిన తెల్ల పెట్టె ఉందా?" అంది కూతురు. "అందులో తీసుకురా. కానీ అమ్మా, మూత తీయకు."

టీకాలు వచ్చే దళసరి థర్మాకోల్ పెట్టె అది. మంచి రోజుల్లో కూతురే పంపింది, పూలు పెట్టుకోవడానికి. మూత మీద నల్ల సిరాతో పెద్ద అక్షరాలు రాసింది: మూత తీయకు. తీసిన ప్రతిసారీ లోపలి చల్లదనం పోయి బయటి వేడి వస్తుందని, అది మళ్ళీ చల్లబడేలోపు ఎంతో కొంత పాడవుతుందని అప్పట్లోనే చెప్పింది. ఏమౌతుందోనమ్మ రోజుకు పదిసార్లు తీసేది. చూడకపోతే ఎలా తెలుస్తుంది?

లెక్క వేసుకుంటే చిక్కు కనబడింది. ఆ ఊరికి నేరుగా వెళ్ళే బస్సు పొద్దున ఆరింటికి ఒక్కటే. మార్కెట్టులో పూలు దిగేది ఏడింటికి. అంటే గురువారం పొద్దున దిగిన మొగ్గల్ని శుక్రవారం సాయంత్రం నాలుగింటిదాకా మొగ్గలుగానే ఉంచాలి. మామూలుగా అయితే పొద్దున కోసిన మల్లెమొగ్గ ఆ సాయంత్రానికే నవ్వేస్తుంది.

అయినా చేతనైన పని. గురువారం బుట్టలు దించుతుండగానే వెళ్ళి కూర్చుంది. ముట్టుకుంటే గట్టిగా ఉండి, తెల్లబడ్డా విడని మొగ్గలు ఏరుకుంది. పచ్చిగా ఉన్నవి తీసేసింది, అవి వాడిపోతాయి గానీ విచ్చుకోవు. కొస విడినవీ తీసేసింది. ఇంటికి తెచ్చి, నీడలో, తడిచాప మీద పరిచింది. చేతులు సబ్బు లేకుండా కడుక్కుంది. రేకుల్ని ముట్టకుండా తొడిమ దగ్గరే పట్టుకుని, మరీ బిగించకుండా కట్టింది. దారం బిగిస్తే తొడిమ నలుగుతుంది, నలిగిన చోటినుంచే మచ్చ మొదలవుతుంది. రెండు దండలు. మధ్యమధ్య ఒక్కో ఎర్ర గులాబీ.

మధ్యాహ్నానికి కట్టడం అయింది. పిడికెడు మొగ్గలు మిగిలాయి. పారేయబుద్ధి కాక వాటిని మూరెడు మాల కట్టింది. ఎవరికని అనుకోలేదు.

తర్వాత గుడ్డ. పాత నూలు పంచె ముక్క, ఉతికి ఉతికి మెత్తబడింది. నీళ్ళలో ముంచి, పిండి, మళ్ళీ పిండింది. మెలితిప్పితే ఒక్క చుక్క కూడా రాలకూడదు. చెంపకు ఆనించుకుంటే చల్లగా తగలాలి, తడి అంటకూడదు. పూలకు కావలసింది నీళ్ళు కాదు, నీటి గాలి. నీరు రేకు మీద నిలిస్తే గంటల్లో గోధుమరంగు మచ్చ. ఈ సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎంతమందికి నేర్పిందో!

దండల్ని చుట్టలు చుట్టి, ఒకదాని మీద ఒకటి బరువు పడకుండా వెదురు తట్టలో పెట్టి, గుడ్డ కప్పి, వీధి చివరి పాలబూత్‌కు తీసుకెళ్ళింది. ఆమె తమ్ముడూ అని పిలిచే పాలబూత్ అతని దగ్గర అద్దం తలుపు ఫ్రిజ్ ఉంది.

"రా అక్కా, రా. పాపకు పెళ్ళంట కదా. ఏమౌతుందో ఏమోనని ఇంకా అనలేదేం?"

"అంటాను గానీ, ముందు ఆ బొప్పాయి తీసెయ్ తమ్ముడూ."

"బొప్పాయి ఏం చేసింది?"

"పండిన పండు పక్కన పూలు పెడితే తొందరగా ముసలివైపోతాయి. పండు తను పండటమే కాదు, పక్కనున్నవాటిని కూడా తొందరపెడుతుంది."

"మా ఆవిడ మాదిరి," అంటూ బొప్పాయి బయటపెట్టాడు. "పైన పెట్టనా? పైన బాగా చల్లగా ఉంటది."

"వద్దు! కింది అర. ఆ మంచు గదికి దూరంగా. మల్లెకు మరీ చలి తగిలితే కాలినట్టు నల్లబడుతుంది."

"చలికి కాలడమేంటక్కా!"

"కాలుతుంది. నేను చూశాను."

మూరెడు మాలను చిన్న స్టీలు టిఫిను డబ్బాలో తడిగుడ్డ పొత్తిళ్ళలో పెట్టి, మూత వదులుగా వేసి అదీ ఆ అరలోనే సర్దింది. సాయంత్రంలోపు నాలుగుసార్లు వచ్చి అద్దంలోంచి చూసింది. నాలుగోసారి పాలబూత్ తమ్ముడు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "పురిటి గది కాదక్కా, ఫ్రిజ్. ఇంటికెళ్ళు."

శుక్రవారం తెల్లవారుజామున అయిదింటికి పెట్టె సర్దారు. టిఫిను డబ్బా, మూత బిగించి, అడుగున. రెండు వైపులా మంచు సంచులు, కాగితాల్లో చుట్టి, పూలకు తగలకుండా. మధ్యలో దండల తట్ట, పైన తడిగుడ్డ. మొగ్గలు నిన్న పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, ఊపిరి బిగబట్టిన పిల్లల్లా.

"బంగారంలా ఉన్నాయక్కా," అన్నాడు పాలబూత్ తమ్ముడు. మూత పెట్టి, దాని మీది అక్షరాలను వేలితో కొట్టి చూపించాడు. "చదువుకున్నావుగా?"

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. పక్కన రిటైరైన టీచరమ్మ కూర్చుంది, ఒళ్ళో అల్లిక పని. గంటసేపు ఏమౌతుందోనమ్మ మూత వైపు చూడకుండా ఉంది. తర్వాత ఒక గతుకులో బస్సు ఎగిరిపడింది. దండ ఒరిగిపోయిందేమో! మూత తీసింది. ఏమీ కాలేదు. పెట్టేసింది.

ఇంకో గతుకు. మళ్ళీ తీసింది. ఒక మొగ్గ కొస విడినట్టు అనిపించింది. వేలితో అదిమి చూసింది.

"ఏముందమ్మా అందులో, పిల్లిపిల్లా?" అంది టీచరమ్మ.

"పూలండీ. మా అమ్మాయి పెళ్ళికి."

"అయితే మూత మీద రాసింది ఎవరికోసం?"

ఏమౌతుందోనమ్మ సిగ్గుపడి నవ్వింది. ఎన్నాళ్ళకో ఒకరు పక్కన కూర్చుని మాట్లాడుతుంటే ప్రాణం లేచొచ్చింది. కూతురి ఉద్యోగం గురించి, వ్యాను అబ్బాయి గురించి చెప్పసాగింది. అబ్బాయి గురించి తెలిసింది ఒక్క ముక్కే కాబట్టి అదే రెండుసార్లు చెప్పింది. టీచరమ్మ మూడో ఊళ్ళో దిగిపోయింది. ఆ సీటు అలా ఖాళీగానే ఉండిపోయింది.

పదకొండింటికి బస్సు ఆగిపోయింది. ఊరూ కాదు, నీడా లేదు. డ్రైవరు కిందికి దిగి, పొగ చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఎంతసేపయ్యా?" అడిగింది కండక్టరును.

"బెల్టు తెగింది. ఇంకో బండి వస్తది. గంట, గంటన్నర."

"నాలుగింటికి సంతకాలయ్యా! నేను సాక్షిని!"

"మీరు లేకపోతే ఆగుతారులేమ్మా."

ఆగరు. ఆమెకు తెలుసు. ఆగినా విసుక్కుంటారు. అమ్మ వస్తే ఇంతే అనుకుంటారు. బస్సు పైకప్పు ఎండకు కాలుతోంది. తిరిగి మూత తీసింది. మంచు సంచులు సగం కరిగాయి. గుడ్డ పైన ఆరినట్టు ఉంది. లోపల తడి ఉందో లేదో చెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది. అయినా ఈ ఎండకు ఎంతసేపు ఉంటుంది? కూతురు మూత తీస్తుంది, లోపల వడిలిపోయిన పూలు. ఏమీ అనదు. "బాగున్నాను" అన్నట్టు "బాగున్నాయి" అంటుంది.

అప్పుడు, ఇరవయ్యారేళ్ళుగా ఎవరు చేసినా చెయ్యి మీద కొట్టి మాన్పించిన పని తనే చేసింది. నీళ్ళ సీసా తీసి దండల మీద చల్లింది. మొదట నాలుగు చుక్కలు. తర్వాత దోసిలి. గుడ్డను తడిపి పిండకుండానే కప్పేసింది. అదీ చాలదని, మంచు సంచుల కాగితాలు విప్పేసి, ఉన్న మంచంతా దండల మీద ఆనించింది. పరాయి పూలైతే ఆ పని చేసేది కాదు.

రెండో బస్సు వచ్చింది. అందులో కూర్చోవడానికి చోటులేక, పెట్టె చంకన పెట్టుకుని నిలబడింది. ఊపిరాడని జనంలో కూడా రెండుసార్లు మూత సందు చేసి చూసింది. నీళ్ళు మెరుస్తుంటే తాజాగా ఉన్నాయనే అనుకుంది.

రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కేసరికి నాలుగుకు పావుగంట తక్కువ. వరండాలో బెంచీలు, పిలుపు కోసం ఎదురుచూస్తున్న జంటలు. చివరి బెంచీ మీద కూతురు. రెండేళ్ళలో కాస్త చిక్కింది, జుట్టు భుజాల దగ్గరికి కత్తిరించుకుంది. ఆ సంగతి ఏ ఆదివారం మెసేజీలోనూ లేదు.

"వచ్చావా అమ్మా," అంటూ లేచింది. పక్కన పొడుగాటి కుర్రవాడు కూడా లేచి, "నమస్కారం అత్తయ్యా, బస్సు ఆలస్యమైనట్టుంది, కూర్చోండి," అని తన చోటు చూపించాడు. మంచివాడిలాగే ఉన్నాడు. ఆ మాటకు కూడా ఆమెకు భయమేసింది.

కూతురు పెట్టె అందుకుని మూత తీసింది.

మొదట వాసన వచ్చింది, మత్తుగా, బాగానే. తర్వాత గుడ్డ ఎత్తితే నీళ్ళు కారాయి. మంచు ఆనిన చోటల్లా మొగ్గలు గాజులా పారదర్శకంగా మారి, అంచులు నల్లబడ్డాయి. మిగిలినవాటి మీద వేలిముద్రల్లా గోధుమరంగు మచ్చలు. గులాబీలు తడికి జావలా అయిపోయాయి. రెండు దండల్లో మనిషి మెడలో వేయగలిగిన జానెడు చోటు లేదు.

లోపలి గదిలో ముద్ర వేస్తున్న చప్పుడు వినబడింది.

"ఎన్నిసార్లు తీశావమ్మా?" అంది కూతురు.

"రెండు మూడు సార్లు..."

"అమ్మా."

"లెక్కపెట్టలేదు తల్లీ." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనే చెడగొట్టాను. తడిపింది నేనే. పొద్దున బయల్దేరినప్పుడు ఒక్క మొగ్గ కూడా విడలేదు, పాలబూత్ మావయ్యని అడుగు. బస్సు ఆగిపోతే... ఏమౌతుందో ఏమోనని..."

కూతురు ముఖం అటు తిప్పుకుంది. కోపమో, మరేమో తెలియలేదు. కాసేపటికి వ్యాను అబ్బాయి మెల్లగా, "గేటు దగ్గర దండలు అమ్ముతున్నారు, తెస్తాను," అని మెట్లు దిగిపోయాడు.

కూతురు పెట్టెలో నీళ్ళు ఒంపేయడానికని తట్ట ఎత్తి బెంచీ మీద పెట్టింది. అడుగున టిఫిను డబ్బా కనబడింది.

"ఇదేమిటి?"

"అదా... మిగిలిన మొగ్గలు. మరిచేపోయాను."

కూతురు మూత తీసింది. తడిగుడ్డ మడత విప్పింది. మూరెడు మాల, గురువారం మధ్యాహ్నం ఎలా చుట్టిందో అలాగే ఉంది. తెల్లగా, గట్టిగా. ఒకటి రెండు మొగ్గలు మాత్రం కొస విడీవిడనట్టు ఉన్నాయి. బస్సులో దాన్ని ఎవరూ చూడలేదు, తడపలేదు, ఏమైందోనని అదిమి చూడలేదు.

ఏమౌతుందోనమ్మ చెయ్యి దానంతటదే ముందుకు వచ్చింది, చూద్దామని. సగంలో ఆగింది. ఆ చేతిని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

కూతురు ఆ చేతిని చూసింది. మాలను తొడిమల వైపునుంచి, రేకులు తగలకుండా ఎత్తింది. చిన్నప్పుడు మెట్టు మీద కూర్చుని నేర్చుకున్న పద్ధతే. "పెట్టు," అని వెనక్కి తిరిగి కూర్చుంది. పొట్టి జుట్టులో నిలవదేమోనని తల్లి భయపడింది. రెండు పిన్నులు అడిగి తీసుకుని, నిలిచేలా పెట్టింది. పెట్టాక మళ్ళీ సర్దలేదు.

పిలుపు వచ్చింది. గేటు దగ్గర కొన్న దండలు మెరుపు కాగితాలతో గరగరలాడుతూ ఉన్నాయి. అవే వేసుకున్నారు. సాక్షి చోట ఏమౌతుందోనమ్మ సంతకం పెట్టింది. ఆఫీసులో ఆమె పేరు పూర్తిగా చదివారు. చాలా రోజులకు విన్నది కాబట్టి, ఎవరినో పిలుస్తున్నారనుకుంది.

అయిదుకల్లా అంతా అయిపోయింది. వ్యాను అబ్బాయి వాళ్ళ అక్క ఇంట్లో భోజనం, రమ్మన్నారు. కూతురు రమ్మనలేదని కాదు, "వస్తావా, తిరుగు బస్సు అయిదున్నరకే కదా?" అంది. రెండు మాటలూ కలిపి అడిగింది. తల్లి రెండో దానికి జవాబు చెప్పింది.

బస్సు కిటికీ దాకా వచ్చి కూతురు పెట్టె అందించింది. నీళ్ళు ఒంపి, తుడిచి, చెడిన దండల్ని అందులోనే సర్ది పెట్టింది. పారేయలేదు.

"చేరాక..." అని మొదలుపెట్టింది తల్లి. చేరాక ఫోను చెయ్యి, రోడ్డు దాటేటప్పుడు చూసుకో, వ్యాను నెమ్మదిగా నడపమను. వరసలో అన్నీ గొంతుదాకా వచ్చాయి.

"నేనే చేస్తానమ్మా," అంది కూతురు. "నువ్వు చెయ్యకు. నేనే చేస్తాను." కొంచెం ఆగి, "ఆదివారం కాకపోయినా," అంది.

బస్సు కదిలింది. కూతురు వెనక్కి తిరిగి నడిచిపోతుంటే తలలో తెల్లటి మాల కాసేపు కనబడి, తర్వాత జనంలో కలిసిపోయింది.

పక్క సీట్లో ఎవరూ లేరు. ఎండ వాలుతోంది. సరిగ్గా ఈ వేళకే మల్లెలు విచ్చుకోవడం మొదలుపెడతాయి. ఎవరి ఇంట్లోనో, ఎవరి మాటల మధ్యనో, ఆ మూరెడు మాలలో ఒక్కో మొగ్గా విడుతూ ఉంటుంది. నిలిచిందో, జారిపోయిందో. వాసన ఎవరికైనా తెలుస్తుందో లేదో. ఏమౌతుందో.

ఒళ్ళో పెట్టె సందులోంచి చెడిన పూల వాసన వస్తోంది. నల్లబడినా మల్లెకు వాసన పోదు, ఇంకాసేపు ఉంటుంది. పక్కనే సంచిలో ఫోను. ఆమె రెండు అరచేతులూ మూత మీది అక్షరాల మీద ఆనించి, తీయకుండా, అలాగే కూర్చుంది.